నది ఒడ్డున దీర్ఘచతురస్ర పొలానికి కనిష్ఠ కంచె: తరచుగా అడిగే ప్రశ్నలు

అవకలనం పాఠంలో గరిష్ఠ కనిష్ఠాల దగ్గరికి రాగానే ఎదురయ్యే లెక్క ఇది. పొలం దీర్ఘచతురస్రంగా ఉండాలి. ఒక పక్క నది తిన్నగా పారుతోంది కాబట్టి అటు కంచె అక్కర్లేదు, మిగతా మూడు పక్కలా వేయాలి. వైశాల్యం ఇంత అని ముందే చెప్పేశారు. కంచె అన్నిటికంటే తక్కువ పట్టాలంటే కొలతలు ఎంతెంత ఉండాలి?

ఈ పేజీ అంతటా ఒకే ఉదాహరణ తీసుకున్నాం: వైశాల్యం 9800 చదరపు మీటర్లు.

వైశాల్యం ఎలాగూ మారదు కదా, కంచె ఎందుకు మారుతుంది?

9800 చదరపు మీటర్లనే రకరకాల ఆకారాల్లో కొలిచి ఇవ్వవచ్చు. పొలం నది నుంచి లోపలికి 35 మీటర్లు మాత్రమే ఉంటే, నది వెంబడి 280 మీటర్లు సాగాలి. కంచె 35 + 35 + 280, అంటే 350 మీటర్లు. అదే పొలం లోపలికి 140 మీటర్లు వెళ్తే నది వెంబడి 70 చాలు. కంచె 140 + 140 + 70, మళ్ళీ 350. మధ్యలో ఎక్కడో 100 మీటర్ల దగ్గర ఆగితే 100 + 100 + 98 = 298. వైశాల్యం ఒక్క అడుగు కూడా తగ్గలేదు, కంచె మాత్రం 52 మీటర్లు మిగిలింది.

నది వెంబడి సన్నగా సాగదీసినా కంచె పెరుగుతోంది, నదికి అడ్డంగా లోపలికి సాగదీసినా పెరుగుతోంది. ఈ రెండు కొసల మధ్య ఎక్కడో కంచె కనిష్ఠమవుతుంది. ఆ చోటు కచ్చితంగా ఎక్కడో చెప్పడమే అవకలనం పని.

సమీకరణాలు ఎలా రాసుకోవాలి?

ముందు బొమ్మ గీయండి. నదిని ఒక అడ్డగీతగా గీసి, దాని కింద పొలాన్ని గీయండి. నదికి లంబంగా ఉన్న రెండు పక్కలకూ x అని, నదికి సమాంతరంగా ఉన్న ఎదుటి పక్కకు y అని రాయండి. నది పక్కన కంచె లేదని గుర్తుండేలా అక్కడ చుక్కల గీత పెట్టండి. ఈ చిన్న జాగ్రత్త సగం తప్పుల్ని మొదట్లోనే ఆపేస్తుంది.

ఇప్పుడు రెండు వాక్యాలు రాయాలి. ఒకటి షరతు, రెండోది మనం తగ్గించాల్సింది.

```
xy = 9800
L = 2x + y
```

L లో రెండు చలరాశులు ఉన్నాయి. ఒక చలరాశి ఉంటేనే మామూలు అవకలనం సాగుతుంది. షరతు నుంచి y = 9800/x అని తీసి ప్రతిక్షేపిస్తే:

```
L = 2x + 9800/x,   x > 0
```

పక్కన x > 0 అని రాయడం అలంకారానికి కాదు. అది రెండుచోట్ల పనికొస్తుంది: మూలాల్లో ఒకదాన్ని వదిలేయడానికి, చివర్లో ఇది నిజంగా కనిష్ఠమేనని తేల్చడానికి.

అవకలనం అడుగడుగునా చూపించగలరా?

9800/x ని 9800·x⁻¹ అని రాసుకుంటే పని సులువవుతుంది. ఘాతం −1 ముందుకొచ్చి, ఘాతం ఒకటి తగ్గి −2 అవుతుంది. కాబట్టి:

```
dL/dx = 2 − 9800/x²
2 − 9800/x² = 0
2x² = 9800
x² = 4900
x = 70
```

x = −70 కూడా సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది, కానీ పొలం వెడల్పు రుణాత్మకం కాదు కాబట్టి దాన్ని వదిలేస్తాం. ఇక y = 9800/70 = 140. కంచె 2 × 70 + 140 = 280 మీటర్లు.

పరీక్షలో రాస్తుంటే x = 70 దగ్గర ఆగిపోకండి. ప్రశ్న కొలతలు అడిగితే x, y రెండూ చెప్పాలి, కంచె అడిగితే L కూడా చెప్పాలి. ఏ పక్క 70, ఏ పక్క 140 అన్నది మాటల్లో రాయాలి: నదికి లంబంగా 70 మీటర్లు, నది వెంబడి 140 మీటర్లు.

అవకలజం సున్నా అయిన చోట గరిష్ఠమూ ఉండవచ్చు కదా? ఇది కనిష్ఠమేనని ఎలా నమ్మాలి?

న్యాయమైన ప్రశ్న. చాలామంది ఈ మెట్టు దాటేసి మార్కులు పోగొట్టుకుంటారు. ద్వితీయ అవకలజం తీద్దాం.

```
d²L/dx² = 19600/x³
```

x = 70 వద్ద దీని విలువ 19600/343000, అంటే 2/35. ధనాత్మకం, కాబట్టి అక్కడ స్థానిక కనిష్ఠం ఉంది. ఇక్కడితో ఆపితే ఒక సందేహం మిగులుతుంది: పక్కనున్న విలువలతో పోలిస్తే తక్కువ సరే, అన్నిటికంటే తక్కువేనా? దానికీ ఇందులోనే జవాబుంది. x ధనాత్మకంగా ఉన్నంతసేపూ 19600/x³ ధనాత్మకమే. అంటే వక్రం ఎక్కడా కిందికి వంగదు, మొత్తం గిన్నెలా పైకి తెరుచుకుని ఉంటుంది. అలాంటి వక్రానికి అడుగు ఒక్కటే ఉంటుంది. మనం మొదట x > 0 అని రాసుకున్నది ఇక్కడ అక్కరకొచ్చింది.

మొదటి అవకలజం గుర్తు చూసినా ఇదే తేలుతుంది. x 70 కంటే తక్కువైతే 9800/x² విలువ 2 ని మించుతుంది, అవకలజం రుణాత్మకం, L తగ్గుతూ వస్తుంది. 70 దాటాక గుర్తు మారి L పెరుగుతుంది.

అవకలనం ముట్టుకోకుండా సరిచూసుకునే దారి ఇంకొకటి ఉంది. మాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. L నుంచి 280 తీసివేసి సర్దండి:

```
2x + 9800/x − 280 = 2(x − 70)²/x
```

కుడివైపున ఉన్నది వర్గం, కింద ఉన్నది ధనసంఖ్య. అది ఎప్పటికీ సున్నా కంటే తగ్గదు, x = 70 అయినప్పుడే సున్నా అవుతుంది. కంచె 280 కంటే తగ్గడం అసాధ్యమని ఒక్క పంక్తిలో తేలిపోయింది. ఈ పంక్తిని గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

కనిష్ఠ చుట్టుకొలత చతురస్రానికే కదా? 70 × 140 ఎలా వచ్చింది?

నాలుగు పక్కలా కంచె వేయాల్సి వస్తే చతురస్రమే. ఇక్కడ మూడు పక్కలే. చతురస్రం వేసి చూస్తే భుజం √9800, దాదాపు 98.99 మీటర్లు. మూడు భుజాలకు 296.98. మన 280 తో పోలిస్తే 17 మీటర్లు అదనం.

కారణం కళ్ళకు కట్టాలంటే నదిని అద్దం అనుకోండి. పొలం ప్రతిబింబం అవతలి ఒడ్డున కనిపిస్తుంది. అసలు పొలం, ప్రతిబింబం కలిపితే ఒక పెద్ద దీర్ఘచతురస్రం. దాని వైశాల్యం 19600, దాని చుట్టూ ఉన్న కంచె మన కంచెకు సరిగ్గా రెట్టింపు. ఇప్పుడు ఆ పెద్ద దానికి నాలుగు పక్కలా కంచె ఉంది, కాబట్టి అది చతురస్రమైనప్పుడే కంచె కనిష్ఠం. 140 × 140. దాన్ని నది గీత మీద సగానికి కోస్తే 70 × 140 వస్తుంది. చతురస్రం అన్న మీ ఊహ తప్పు కాదు, సగం చతురస్రం నదిలో దాగి ఉంది, అంతే.

అవకలజం సున్నా అంటే నేల మీద ఏం జరుగుతున్నట్టు?

మీరు పొలం ఎదుటి కంచెను నది నుంచి ఒక మీటరు వెనక్కి జరిపారనుకోండి. పక్క కంచెలు రెండూ ఒక్కో మీటరు పెరిగాయి, అంటే 2 మీటర్ల అదనపు ఖర్చు. dL/dx లోని 2 అదే. వైశాల్యం మారకూడదు కాబట్టి ఎదుటి కంచె పొడవు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో 9800/x² చెబుతుంది.

వెడల్పు 50 ఉన్నప్పుడు ఆ తగ్గుదల 9800/2500, మీటరుకు దాదాపు 3.9. రెండు పెట్టి నాలుగు దక్కుతున్నాయి, కాబట్టి జరపడం లాభమే. వెడల్పు 100 ఉన్నప్పుడు తగ్గుదల 0.98 మాత్రమే. రెండు పెట్టి ఒకటి కూడా రావడం లేదు, నష్టం. 70 దగ్గర 9800/4900 = 2. పెట్టిందీ వచ్చిందీ సమానం. అటూ ఇటూ జరిపినా ఇక లాభం లేని చోటు అది. సున్నాకు ఇంతకు మించి అర్థం లేదు.

x బదులు y ఉంచుకుని చేస్తే జవాబు మారుతుందా?

మారదు. x = 9800/y అని పెడితే L = 19600/y + y. అవకలజం 1 − 19600/y². సున్నా చేస్తే y = 140, ఆపై x = 70. రెండు దారుల్లోనూ చేసి పోల్చుకోవడం మంచి సరిచూపు.

ఎక్కడ తప్పులు జరుగుతాయి? జరిగినట్టు ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, అలవాటు కొద్దీ L = 2x + 2y అని రాయడం. అప్పుడు జవాబు x = y = 98.99 వస్తుంది. మీ జవాబు చతురస్రమైతే వెంటనే బొమ్మ దగ్గరికి వెళ్ళండి, నది పక్కన కూడా కంచె వేసేసి ఉంటారు.

రెండోది, ప్రతిక్షేపణ చేయకుండానే L = 2x + y ని అవకలనం చేసి, y ని స్థిరసంఖ్యలా చూడటం. dL/dx = 2 అని వస్తుంది. 2 = 0 కావడం కుదరదు కాబట్టి లెక్క అక్కడే ఇరుక్కుంటుంది. x మారితే y కూడా మారి తీరాలి, ఎందుకంటే వాటి లబ్ధం 9800 కి కట్టుబడి ఉంది. ఈ సంగతి వదిలేయడమే ఈ ఇరుకుకు మూలం.

మూడోది గుర్తు పొరపాటు. 9800/x అవకలజాన్ని +9800/x² అని రాస్తే x² = −4900 వస్తుంది. వెడల్పుకు వాస్తవ విలువ దొరకలేదంటే ముందు ఈ గుర్తునే చూడండి.

నాలుగోది ప్రమాణాలు. వైశాల్యం 0.98 హెక్టార్లు అని ఇస్తే ముందు దాన్ని 9800 చదరపు మీటర్లుగా మార్చాలి. మార్చకుండా చేస్తే x = 0.7 వస్తుంది. దాన్ని 0.7 మీటర్లు అని రాసేస్తే పొలం వెడల్పు మూరెడు పైచిలుకు అవుతుంది. నిజానికి హెక్టారు అంటే 100 మీటర్ల భుజం ఉన్న చతురస్రం కాబట్టి ఆ 0.7 అంటే 0.7 వందల మీటర్లు.

చివర్లో రెండే సరిచూపులు చాలు: xy విలువ 9800 కి వస్తోందా, y విలువ 2x కి సమానంగా ఉందా. రెండూ కుదిరితే ఈ లెక్కలో తప్పు మిగిలే అవకాశం చాలా తక్కువ.

ఏ వైశాల్యానికైనా పనికొచ్చే సూత్రం ఉందా?

9800 బదులు A పెట్టి అవే మెట్లు ఎక్కితే:

```
x = √(A/2)
y = √(2A)
L = 2√(2A)
```

వీటిని బట్టీ పట్టడం కంటే y = 2x అన్న ఒక్క మాట గుర్తుంచుకోవడం మేలు. దాన్నే ఇంకోలా చెప్పవచ్చు: కనిష్ఠ స్థితిలో నదికి లంబంగా ఉన్న కంచె మొత్తం 70 + 70 = 140, నది వెంబడి ఉన్నదీ 140. కంచె రెండు దిశలకూ సరిసగంగా పంచుకుంది. సమస్య కాస్త మారినా ఈ సరిసగం మారదు. సూత్రం మాత్రం మారిపోతుంది.

కొలత కాస్త అటూ ఇటూ అయితే ఎంత నష్టం?

ఇందాకటి వర్గం పంక్తి ఇక్కడికి వస్తుంది. అదనపు కంచె సరిగ్గా 2(x − 70)²/x. వెడల్పు 71 అయితే అదనం 0.03 మీటర్లు. 75 అయితే 0.67. 80 అయితే 2.5. పది మీటర్లు ఎక్కువైనా కంచె నూటికి ఒక వంతు కూడా పెరగలేదు.

కనిష్ఠం దగ్గర వక్రం దాదాపు చదునుగా ఉండటమే దీనికి కారణం, అవకలజం సున్నా అన్నామంటే అర్థం అదే. కాబట్టి నేల మీద 70 కుదరక 68 దగ్గర గట్టో చెట్టో అడ్డొస్తే 68 కే వేసేయండి, 12 సెంటీమీటర్ల తేడా వస్తుంది. కానీ ఇదే ధీమాతో 35 కు దిగిపోతే నష్టం 70 మీటర్లు. వర్గం మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా పెరుగుతుంది.

నది నుంచి లోపలికి 50 మీటర్లకు మించి స్థలం లేదు. అప్పుడు?

అప్పుడు 70 అందుబాటులో లేదు, అవకలజాన్ని సున్నా చేసి వచ్చిన జవాబు పనికిరాదు. x విలువ 0 నుంచి 50 వరకే మారగలదు. ఆ భాగమంతా అవకలజం రుణాత్మకం, అంటే x పెరిగేకొద్దీ కంచె తగ్గుతూనే ఉంటుంది. కాబట్టి వీలైనంత లోపలికి వెళ్ళాలి: x = 50, y = 196, కంచె 296 మీటర్లు. కనిష్ఠం అంతరం చివరి బిందువు దగ్గర వచ్చింది.

ఇబ్బంది మరో పక్కన ఉండవచ్చు. నది వెంబడి 100 మీటర్ల ఒడ్డే మీదనుకోండి. y ≤ 100 అంటే x ≥ 98. అక్కడి నుంచి అవకలజం ధనాత్మకం, కాబట్టి x = 98 దగ్గరే ఆగాలి. కంచె 196 + 100, మళ్ళీ 296. రెండు పొలాలకూ ఒకే పొడవు రావడం కాకతాళీయం కాదు. 50 × 98 = 4900, అంటే 70 వర్గం. లబ్ధం 4900 అయ్యే ఏ రెండు వెడల్పులకైనా ఒకే కంచె పడుతుంది. మొదట్లో చూసిన 35, 140 కూడా అలాంటి జంటే.

గేటుకు 4 మీటర్లు వదిలేస్తే కొలతలు మారతాయా?

మారవు. L = 2x + y − 4 అవుతుంది. స్థిరసంఖ్య అవకలజం సున్నా కాబట్టి సమీకరణం అదే, x = 70 అదే. కంచె మాత్రం 276.

పొలాన్ని మధ్యలో ఇంకో కంచెతో రెండుగా చేయాలంటే?

మధ్య కంచె నదికి లంబంగా ఉంటే L = 3x + y. అవకలజం 3 − 9800/x², x = √(9800/3), దాదాపు 57.15 మీటర్లు. y దాదాపు 171.46, మొత్తం 342.9 మీటర్లు. ఇక్కడ సరిసగం సంగతి చూడండి: లంబంగా ఉన్న మూడు కంచెలూ కలిపి 171.46, నది వెంబడి ఉన్నదీ 171.46.

మధ్య కంచె నదికి సమాంతరంగా వేస్తే L = 2x + 2y, చతురస్రం వచ్చి చేరుతుంది, కంచె దాదాపు 396 మీటర్లు. నదికి లంబంగా విభజించడమే పొదుపు, పైగా రెండు భాగాలకూ నీరు అందుతుంది.

ఎదుటి పక్క కంచె ఖరీదైన రకమైతే పొడవు బదులు ఖర్చును కనిష్ఠం చేయాలి. పక్క కంచె మీటరుకు a, ఎదుటిది మీటరుకు b అయితే ఖర్చు 2ax + by. అవకలనం చేస్తే 2ax = by అని తేలుతుంది. ఈసారి పొడవు సరిసగం కాదు, డబ్బు సరిసగం.

కంచె 280 మీటర్లు ఉంది, గరిష్ఠ వైశాల్యం ఎంత అని అడిగితే?

అది ఇదే లెక్కకు మరో ముఖం. y = 280 − 2x, వైశాల్యం x(280 − 2x). అవకలజం 280 − 4x, సున్నా చేస్తే x = 70, వైశాల్యం 9800. ద్వితీయ అవకలజం −4, రుణాత్మకం, కాబట్టి ఈసారి గరిష్ఠం. ప్రశ్నలో ఏది ఇచ్చారు, ఏది అడిగారు అన్నది చూసి షరతు ఏదో నిర్ణయించుకోండి.

280 మీటర్లకు స్తంభాలు ఎన్ని కావాలి?

5 మీటర్లకు ఒకటి పాతితే 280/5 = 56 ఖాళీలు వస్తాయి. కానీ ఈ కంచె చుట్టూ తిరిగి కలిసేది కాదు, రెండు కొసలూ నది దగ్గర ఆగిపోతాయి. కాబట్టి స్తంభాలు 57. నాలుగు పక్కలా మూసుకునే కంచె లెక్కతో 56 తెచ్చుకుంటే చివరి కొస దగ్గర ఒకటి తగ్గుతుంది. 70, 140 రెండూ 5 తో భాగించబడతాయి కనుక మూలల్లో సరిగ్గా స్తంభం పడుతుంది. భాగించబడని దూరం ఎంచుకుంటే ఒక్కో పక్కను విడిగా లెక్కపెట్టి, మూలకు విడిగా స్తంభం వేయాలి. నాలుగు వరుసల తీగ లాగాలంటే 4 × 280 = 1120 మీటర్లు, ముడులకూ మెలికలకూ పట్టేది దీనికి అదనం.